పరగడుపు కల

రాజీనామా కాగితం రాయించుకోవడానికి సుందర్‌రాజు వెళ్తే, దావీదు సారు మొదట అడిగిన మాట, రాత్రి ఏం తిన్నావని.

దావీదు సారు పటాన్‌చెరు చర్చి పెద్దల్లో ఒకరు. మిషన్ బడిలో ముప్పై ఏళ్లు పనిచేసి, హెడ్మాస్టరుగా రిటైరయ్యారు. వాక్యం బాగా తెలిసిన మనిషని చుట్టుపక్కల ఊళ్లవాళ్లు తమ కలల్ని ఆయన దగ్గరికి తెచ్చేవారు. ఫ్యాక్టరీలు వచ్చాక చిట్కుల్ నుంచి, లక్డారం నుంచి షిఫ్టు మనుషులూ రావడం మొదలుపెట్టారు. పంచాంగం వెనక పేజీల్లో పాము కనిపిస్తే ఇది, పళ్లూడితే అది అని వరసగా రాసి ఉంటుంది. దావీదు సారు దగ్గర అలాంటి పట్టిక ఉండేది కాదు. ఒక నియమం మాత్రం ఉండేది. నిండు కడుపుతో పడుకున్నవాడి కలకు ఆయన అర్థం చెప్పరు. కల్లు తాగి పడుకున్నవాడి కలకూ చెప్పరు. మూడు రోజులు పొద్దుగూకే వేళకే తిని, కల్లు ముట్టకుండా పడుకుని, అప్పుడు కూడా ఆ కల వస్తే తెమ్మనేవారు. దానికి ఊళ్లో 'పరగడుపు కల' అని పేరు పడింది. పదిమందిలో ఎనిమిదిమంది మళ్లీ వచ్చేవారు కాదు. కొందరికి ఆ కల రావడం ఆగిపోయేది. మిగతావాళ్లకు మూడు రోజులు కల్లు మానడం చేతనయ్యేది కాదు.

"కోడికూర తిన్న సారూ," అన్నాడు సుందర్‌రాజు.

"ఎన్నింటికి?"

"పదకొండున్నర అయిందేమో. సెకండ్ షిఫ్ట్ కద. పదింటికి దిగి, ఆడ కంపౌండుల జెరసేపు కూసొని ఇంటికొచ్చేసరికి గంతయితది."

"కంపౌండుల కూసొని ఏం చేస్తరు, ప్రార్థన చేస్తరా?"

సుందర్‌రాజు తలవంచుకున్నాడు. "రెండు సీసల కల్లు సారూ. ఒక్కోదినం మూడు."

అది డెబ్బై నాలుగు జూన్. సుందర్‌రాజుకు నలభై ఆరేళ్లు. భారీ యంత్రాలు చేసే ఫ్యాక్టరీలో క్రేను నడుపుతాడు. షెడ్డు కప్పు కింద, ముప్పై అడుగుల ఎత్తున, పట్టాల మీద నడిచే క్రేనుకు వేలాడే చిన్న గదిలో కూర్చుంటాడు. కింద సంగయ్య అనేవాడు ఇనుప దిమ్మలకు తాళ్లు చుట్టి హుక్కుకు తగిలిస్తాడు. మోత వల్ల పైవాడికి కిందివాడి మాట వినపడదు. సంగయ్య చెయ్యి ఎటు ఊపితే అటు. వేళ్లు పైకి తిప్పితే ఎత్తాలి, అరచెయ్యి కిందికి పెట్టి ఊపితే దించాలి. పదకొండేళ్లుగా ఆ ఇద్దరిదీ ఒకటే జత.

నెలన్నరగా సుందర్‌రాజుకు ఒకటే కల. నాలుగు టన్నుల దిమ్మ హుక్కుకు వేలాడుతుంటుంది. సంగయ్య సరిగ్గా దాని కిందే నిలబడి, అరచెయ్యి కిందికి పెట్టి దించమంటాడు. సుందర్‌రాజు దించుతాడు. దించొద్దని తెలుసు, అయినా దించుతాడు. తెల్లవారుజామున నాలుగు గంటలప్పుడు బనీను తడిసి లేస్తాడు. మళ్లీ నిద్రపట్టదు.

"దేవుడు నన్ను దిగిపొమ్మంటున్నడు సారూ. దిగకపోతే నా చేత మనిషి చస్తడు. వచ్చే ఒకటో తారీఖుకు నౌకరి వొదిలేస్త. కాగితం ఇంగ్లీషుల రాయాలె, గందుకొచ్చిన."

"నౌకరి వొదిలి ఏం చేస్తవ్?"

"ఏదో ఒకటి చేస్త."

దావీదు సారు కాగితం తీయలేదు. సుందర్‌రాజు ఫ్యాక్టరీలో చేరకముందు సదాశివపేటలో బండి మీద మూటలు మోసిన సంగతి ఆయనకు తెలుసు. ఇస్నాపూర్ దగ్గర రెండు గదుల కిరాయి ఇల్లూ, ఇద్దరు ఆడపిల్లల చదువూ ఆ క్రేను మీదే వేలాడుతున్నాయనీ తెలుసు.

"మూడు రాత్రులు నా నియమం పట్టు. ఏడింటి బ్రేకుల క్యాంటీన్లనే టిఫిను తిను. కంపౌండు దిక్కు సూడకు. నాలుగో పొద్దున రా. అప్పటికీ వస్తే కాగితం నేనే రాస్త."

సుందర్‌రాజు మాట నిలబెట్టుకునే మనిషి. ఆ సాయంత్రం నుంచే మానేశాడు.

నాలుగో పొద్దున అతనితో భార్య ఎలిజబెత్ కూడా వచ్చింది. సుందర్‌రాజు కళ్లు ఎర్రగా ఉన్నాయి. గ్లాసు అందుకున్న చెయ్యి కొద్దిగా వణికి, చాయి సాసర్లోకి ఒలికింది.

"తిండి ఏడింటికే తిన్న. కల్లు వాసన గూడ సూడలే. కల ఇంకా గట్టిగొచ్చింది సారూ," అన్నాడు. గొంతులో ఒక రకమైన నిబ్బరం ఉంది. "మొదట్ల తెల్లారంగ ఒక్కసారి వచ్చేది. ఈ మూడు రాత్రులు రెండుసార్లు, మూడుసార్లు. సంగడు ముఖం గూడ సాఫ్‌గ కనవడ్డది. మీరన్నట్టు పరగడుపునే వచ్చింది. ఇగ రాయుండ్రి."

దావీదు సారు బల్ల సొరుగు లాగారు. నియమం ఆయనదే. దాని ప్రకారం ఇప్పుడు ఈ కల చెత్తంతా జల్లెడపడితే మిగిలిన కల. సొరుగులోంచి తెల్ల కాగితం తీసి, బల్లమీద పెట్టి, కలం మూత విప్పారు. తేదీ కూడా వేశారు.

ఎలిజబెత్ అప్పటిదాకా గడప దగ్గరే నిలబడి ఉంది. ఎనిమిదో తరగతి వరకు దావీదు సారు బడిలోనే చదివింది. ఆయన ముందు కూర్చునే అలవాటు ఆమెకు ఇప్పటికీ లేదు.

"సారూ, ఒక మాట అడగొచ్చా?"

"అడుగు."

"గోలీ వేసుకొని పండుకుంటే గూడ అది పరగడుపేనా?"

"ఏం గోలీ?"

"బీపీది. దవఖానల ఇస్తున్నరు. పొద్దుగాల పరగడుపున ఒకటి, పండుకునేటప్పుడు ఒకటి వెయ్యమన్నడు కాంపౌండరు. ఫిబ్రవరిల కొద్దిగిచ్చిన్రు. ఏప్రిల్ల పెంచిన్రు. మీరు తిండి అడుగుతరు, కల్లు అడుగుతరు. గోలీ అడగలే."

"దేవుడు చెప్పేటిదాన్ని గోలీ ఆపుతదా?" అన్నాడు సుందర్‌రాజు విసుగ్గా. "నువ్వు నడువు, ఇంట్ల పనుంటది."

"నాకేం తెల్వదు. అడిగిన, అంతే."

దావీదు సారు కలం మూత పెట్టేశారు. ఆయన చొక్కా జేబులోనూ మడతపెట్టిన మందుల చీటీ ఒకటి ఉంది. ఇన్నేళ్లలో ఎంతమందిని ఏం తిన్నారని అడిగారో లెక్కలేదు. ఏం మింగారని ఒక్కరినీ అడగలేదు. ఆయన ఆ నియమం పెట్టుకున్న రోజుల్లో ఈ పక్క ఊళ్లలో గోలీలు మింగేవాళ్లు లేరు.

"దవఖాన ఎన్నింటిదాకా?" అన్నారు, చెప్పుల కోసం చూస్తూ.

కార్మికుల దవఖానలో ఆ పూట రద్దీ తక్కువ. మందులిచ్చే కిటికీ వెనక కాంపౌండరు చలపతిరావు ఉన్నాడు. గుంటూరు వైపు మనిషి. దావీదు సారును చూసి, "మాస్టారూ, మీక్కూడా కలలొస్తున్నాయా ఏంటండీ?" అన్నాడు.

"నాకు రావు. వేరేవాళ్లవి మోసుకొని తిరుగుత," అన్నారు దావీదు సారు. "ఈ గోలీ దేంతో చేసింది?"

"సర్పగంధి అండీ. మన అడవుల్లో దొరికే ఒక మొక్క వేరు. ఇప్పుడు గోలీగా చేసిస్తున్నారు. చౌక, రక్తపోటు బాగా దించుతుంది."

"సర్పం అంటే పామే గద," అన్నాడు సుందర్‌రాజు. "కలల పాము ఒక్కసారన్న కనవడాలె కద మరి, నాకు క్రేనెందుకు కనవడ్తది?"

చలపతిరావు నవ్వాడు. సుందర్‌రాజు నవ్వలేదు. అతను వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు.

డాక్టరు అరుణాదేవి ముప్పై అయిదేళ్ల మనిషి. ఉస్మానియాలో చదువుకుంది. ముగ్గురినీ కూర్చోమని, సుందర్‌రాజు చెప్పిందంతా విని, ముందు బీపీ చూసింది. చేతులు చాపమని, వేళ్ల వణుకు చూసింది.

"కల్లు ఎప్పుడు మానేసినవ్?"

"నాలుగు దినాలాయె. మూడు రాత్రులు గడిచినయి."

"మెలకువల ఉన్నప్పుడు లేనిది ఏమన్న కనవడ్డదా? గోడమీద పురుగులు, ఎవరో పిలిచినట్టు?"

"లేదమ్మా. పండుకున్నప్పుడే."

"జ్వరం, ఫిట్స్?"

"లేవు."

ఆమె ఎలిజబెత్ వైపు తిరిగింది. "ఇంట్ల ఎట్లుంటున్నడు? నవ్వుతడా, మాట్లాడ్తడా?"

ఎలిజబెత్ భర్త వైపు చూసి, నేల వైపు చూసి చెప్పింది. "మాట్లాడడు. గోడకు మొగం పెట్టి కూసుంటడు. అన్నం సగం వొదిలేస్తుండు. మొన్న ఆయన సైకిలు మా తమ్మునికి ఇచ్చేసిండు. ఎందుకయ్యా అంటే, నాకింకెందుకు అన్నడు."

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. సుందర్‌రాజునే సూటిగా అడిగింది. "చచ్చిపోవాలని ఉందా?"

అతను అన్నాడు. "ఉండాలని గూడ గంత లేదమ్మా."

దావీదు సారు కిటికీలోంచి బయటికి చూశారు. మూడు రోజులకింద తాను ఈ మనిషిని ఇంటికి పంపింది తిండి, కల్లు రెండే అడిగి.

"ఇగ విను," అంది డాక్టరమ్మ. "ఈ గోలీ మంచిదే. కానీ కొందరికి పడదు. మనసును కుంగదీస్తది, పీడకలలు తెస్తది. డోసు పెంచినంక ఇంకా ఎక్కువ. నీకు పడలేదు. ఇయ్యాల్టి నుంచి బంద్. మానేసినా ఒంట్లకెల్లి పోవడానికి ఒకటి రెండు వారాలు పడ్తది. దీనికి బదులు ఒంట్ల నీళ్లు తీసేసే గోలీ రాస్త, పొద్దున పూట ఒకటి. మూత్రం ఎక్కువొస్తది, గాబరా పడకు. ఉప్పు తగ్గించు. వారానికి రెండుసార్లు నాకు కనవడు. ఎలిజబెత్, ఈ రెండు వారాలు ఈయన్ని ఒక్కన్ని వొదలకు."

"మరి కల్లు మానేసినంక కల ఎక్కువెందుకైంది డాక్టరమ్మా?" అడిగారు దావీదు సారు. అది తనకోసం అడిగిన ప్రశ్న అని ఆయన దాచుకోలేదు. "నేనే మాన్పించిన. మానితే కల తేటపడ్తదని ఇన్నేండ్లు అనుకున్న."

"తేటపడ్తది సార్. కానీ మూడు రాత్రులల్ల కాదు." ఆమె మందుల చీటీ వెనక ఒక అడ్డగీత గీసింది. "ఇది రాత్రి అనుకోండి. నిద్రల కలలొచ్చే వేళలు వేరే ఉంటయి, తెల్లవారే దిక్కు ఎక్కువ. కల్లు తాగి పండుకుంటే మొదటి సగంల కలల్ని అణిచిపెడ్తది. నాలుగింటికి కల్లు దిగినప్పుడు అణిగిందంతా లేస్తది. అందుకే ఈయనకు కరెక్టుగ నాలుగింటికి వచ్చేది. ఏండ్ల తరబడి రోజూ తాగి ఒకేసారి మానేస్తే, అణిచిపెట్టిందంతా కొన్ని రాత్రులు వరసబెట్టి వస్తది. వారం, పది రోజులు, కొందరికి ఇంకా ఎక్కువ. మీరు పరగడుపు అంటున్న ఆ మూడు రాత్రులే అన్నిటికన్నా ఆగమైన రాత్రులు."

దావీదు సారు ఆ చీటీని తన వైపు లాక్కున్నారు. తన దగ్గరికి తిరిగొచ్చి, 'మూడు రాత్రులు పట్టిన సారూ, ఇంకా గట్టిగొచ్చింది' అన్న ముఖాలు రెండో మూడో ఆయనకు గుర్తొచ్చాయి. వాళ్లకు ఆయన అర్థాలు చెప్పి పంపించారు. ఒకడు బావి తవ్వడం ఆపేశాడు.

"తిండి సంగతి?" అన్నారు చివరికి.

"నిండుగ తిని వెంటనే పండుకుంటే నిద్ర తెగుతది. గుండెల మంట, పుల్లటి తేన్పులు. తెగినప్పుడల్లా నడుస్తున్న కల గుర్తుంటది. కలలు ఎక్కువైనయా గుర్తుండేటివి ఎక్కువైనయా అంటే, ఎక్కువసార్లు రెండోదే."

"అంటే నాకొచ్చిందంత గోలీ, కల్లు, కోడికూరేనా?" అన్నాడు సుందర్‌రాజు. మొదటిసారి అతని గొంతులో కోపం వినిపించింది. "సంగడు గోలీల ఉన్నడా?"

"లేడు," అంది డాక్టరమ్మ. "గట్టిగ ఎందుకొస్తుందో చెప్పగల్గుత. సంగయ్యే ఎందుకొస్తుండో నాకు తెల్వదు. అది నా పని కాదు. కానీ ముందు చప్పుడు తగ్గనియ్యి. చప్పుడు తగ్గినంక కూడా ఏమన్న మిగిలితే, అప్పుడు సార్ ఉన్నరు."

ఇంటి దగ్గర ఉండడానికి రెండు వారాలు సిక్ కాగితం రాసిచ్చింది. మందు మారుతున్న మనిషి, చెయ్యి వణికే మనిషి క్రేను ఎక్కొద్దని దాని మీద విడిగా రాసింది. దావీదు సారు తేదీ మాత్రం వేసిన కాగితం ఆయన జేబులోనే ఉండిపోయింది. "ఒకటో తారీఖు దాకా నా దగ్గరుంటది," అన్నారు బయటికొచ్చాక. "ఆ దినం నువ్వు రాయమంటే రాస్త. అర్థం మటుకు చెప్ప."

ఎలిజబెత్ ఇంట్లో గోడమీద ఫ్యాక్టరీవాళ్లిచ్చిన కేలండరు ఉంది. ఆ సాయంత్రం పెన్సిలు దారంతో దాని మేకుకు కట్టింది. రోజుకు మూడు గుర్తులు. ఎన్నింటికి తిన్నాడో అంకె. కల వచ్చి లేచి కూర్చుంటే నిలువు గీత, పొద్దున చెప్పుకునేదైతే చిన్న చుక్క, ఏమీ లేకపోతే ఖాళీ. ఆ పక్కన, మనిషి ఎలా ఉన్నాడో ఒక్క మాట. 'గోడ' అని రాస్తే గోడకు తిరిగి కూర్చున్నాడని.

మొదటి వారమంతా నిలువు గీతలే. రెండు రాత్రులు రెండేసి. 'గోడ' కూడా రోజూ ఉంది. పక్కింటి రాములు భార్య వచ్చి చూసి, "ఏందక్కా, పాలోనికి గీతలు గీస్తున్నవా?" అంది.

"మా ఆయన కలలమ్మా."

"మా ఆయనవి గూడ గియ్యరాదు. నిద్రల తిడ్తడు. ఎవల్ని తిడ్తడో అర్థమైతలేదు."

మధ్యలో ఒక సాయంత్రం సుందర్‌రాజు చొక్కా వేసుకుని గుమ్మం దాకా వెళ్లాడు. "ఒక్క సీస తాగితే ఇయ్యాల నిద్రవడ్తది. తాగినప్పుడు రాత్రి మొదటి సగం సల్లగుండేది. దేవునికే కోపమైతే కల్లు తాగితే ఎందుకు ఊకుంటడు?"

"ఊకోలే. నాలుగింటిదాక ఆగేటోడు, అంతే," అంది ఎలిజబెత్. "డాక్టరమ్మ గీత గీసి సూపలే?" చొక్కా విప్పించి, చిన్నపిల్ల లెక్కల పుస్తకం అతని చేతిలో పెట్టింది. అతను ఒక లెక్క తప్పు చెప్పాడు. పిల్ల దిద్దింది.

ఎనిమిదో రోజు ఖాళీ. తొమ్మిది, చుక్క. పది, ఖాళీ. 'గోడ' అని రాయాల్సినచోట ఆమె 'కట్టెలు కొట్టిండు' అని రాసింది.

పదకొండో రోజు చర్చిలో ఒకరి పెళ్లి విందు. ప్రసంగం పొడుగై వడ్డన పది దాటింది. సుందర్‌రాజు బిర్యానీ రెండుసార్లు వేయించుకున్నాడు. ఆ మర్నాడు కేలండరు మీద నిలువు గీత పడింది. కానీ అతను చెప్పిన కల విని ఎలిజబెత్ పెన్సిలు పట్టుకునే నవ్వింది. క్రేను గదినిండా మేకలు. వాటిలో ఒకటి లీవరు మీద కూర్చుంది. కింద చేతులూపుతున్నది పెళ్లికొడుకు. గుండెల్లో మంటతో లేచి, సోడా తాగి మళ్లీ పడుకున్నాడు.

"దీని అర్థం ఏందట?" అంది.

"మాంసం సరిగ ఉడకలేదని," అన్నాడు సుందర్‌రాజు. రెండు నెలల్లో అతను వేసిన మొదటి వేళాకోళం అది. ఆమె దాన్ని కూడా కేలండరు మీద రాసింది.

పధ్నాలుగో పొద్దున పళ్లు తోముకుంటూ అతను ఒక్కసారి ఆగిపోయాడు. రాత్రి లేవలేదు, చెమట పట్టలేదు. ఏదో కనిపించిందని అప్పుడే గుర్తొచ్చింది. హుక్కు లేదు, దిమ్మ లేదు. ఒక్క చెయ్యి. అరచెయ్యి కిందికి పెట్టి ఊపుతోంది. అంతే.

ఎలిజబెత్ చుక్క పెట్టింది. ఇద్దరూ పటాన్‌చెరు బస్సెక్కారు.

దావీదు సారు ఈసారి వరసగా అడిగారు. ఏం తిన్నావు, ఎన్నింటికి, ఏం తాగావు, ఏం మింగావు. అన్నిటికీ జవాబులు సరిగ్గా ఉన్నాయి. ఎలిజబెత్ కేలండరు చుట్టి తెచ్చింది. ఆయన దాన్ని బల్లమీద పరిచి, కళ్లజోడు పెట్టుకుని, విద్యార్థి పేపరు దిద్దినట్టు మొదటి నుంచి చివరిదాకా చూశారు.

"బాగ రాసినవ్," అన్నారు ఆమెతో. తర్వాత అతన్ని అడిగారు. "ఈ చెయ్యిని ఎక్కడ చూసినవ్?"

"రోజూ సూస్త సారూ. సంగనిది."

"రోజూ చూసేది రోజూ కలలకు రాదు. సంగయ్య దిమ్మ కింద నిలబడి ఈ చెయ్యి ఊపంగ నువ్వు ఎప్పుడన్న నిజంగ చూసినవా?"

సుందర్‌రాజు భార్య వైపు చూడలేదు. చాయి గ్లాసును బల్లమీద ఒకసారి చుట్టూ తిప్పాడు.

"ఏప్రిల్ల," అన్నాడు. "ఈస్టరు అయినంక వారానికి. షిఫ్టు ఇడిసే టైము. సంగడు గడియారం దిక్కు సూసుకుంట చెయ్యి ఊపిండు. ఆడు నిలవడ్డది దిమ్మ కిందనే. నేను గూడ సూడలే, చెయ్యినే సూసిన. దించుకుంట వచ్చి... ఆని నెత్తికి రెండడుగుల మీద ఎందుకో కిందికి సూసిన. ఆపేసిన. ఆడు పైకి సూసి పక్కకు దుంకిండు. ఆ దినం కంపౌండుల ఇద్దరం ఒక్క మాట మాట్లాడలే. నాలుగేసి సీసలు తాగినం. చెప్తే ఆని నౌకరి పోతది. నాది గూడ పోతది. ఎవలకు చెప్పలే."

"నాకు గూడ చెప్పలే," అంది ఎలిజబెత్.

"నీకు చెప్తే నిద్రవోతవా?"

"నువ్వు వోయినవా?"

దావీదు సారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. కల తెచ్చినవాళ్లు ఇలాంటప్పుడు ఆయన ముఖంలోకి చూస్తారు. సుందర్‌రాజూ చూశాడు.

"దేవుడు చెప్పిండా లేదా సారూ?"

"అది నేను చెప్ప. నాకు తెల్వదు. ఈ చెయ్యి మటుకు నీకు కలల కనవడకముందే కండ్ల ముంగట కనవడ్డది. చూసినదాన్ని ఎవలకు చెప్పకుంట మింగినవ్. దాని మీద గోలీ మింగినవ్, కల్లు తాగినవ్. అవి దాన్ని మైకుల పెట్టి వినిపించినయి. అవి పోయినంక మిగిలింది ఇంత." ఆయన కేలండరు మీద చివర నింపిన గడిలోని చుక్కను వేలితో చూపించారు. "ఈ చుక్కకు నౌకరి వొదులుతవా?"

సుందర్‌రాజు ఆ చుక్కనే చూస్తూ కూర్చున్నాడు. తర్వాత చెయ్యి చాచాడు. దావీదు సారు జేబులోంచి ఆ కాగితం తీసి ఇచ్చారు. దాని మీద తేదీ తప్ప ఏమీ లేదు. సుందర్‌రాజు దాన్ని మళ్లీ ఆయన ముందే పెట్టాడు.

"రాయుండ్రి సారూ. రాజీనామా కాదు. ఫోర్‌మన్ సాబుకు. ఏప్రిల్ల అయింది అయినట్టు రాయుండ్రి. తప్పు సంగనిది ఎంతో నాది అంత అని రాయుండ్రి. దించేటప్పుడు కిందోడు దిమ్మ నుంచి ఇంత దూరం నిలవడాలని నేల మీద గీత కొట్టియ్యమని రాయుండ్రి."

"తేదీ పాతది," అన్నారు దావీదు సారు.

"కొట్టేయుండ్రి."

ఆయన కొట్టేసి కొత్త తేదీ వేశారు. ఇంగ్లీషులో రాసి, తెలుగులో చదివి వినిపించి, సంతకం పెట్టించారు.

ఫోర్‌మన్ బాపిరాజు ఆ కాగితం చదివి ఇద్దరినీ పిలిచి అరగంట తిట్టాడు. ఒక్కొక్కరికి హెచ్చరిక కాగితం ఇచ్చాడు. నౌకరి ఎవరిదీ పోలేదు. మూడో రోజు షెడ్డు నేలమీద పసుపు రంగు గీత పడింది. డాక్టరమ్మ మళ్లీ బీపీ, వేళ్లు చూసి క్రేను ఎక్కొచ్చని రాసిచ్చింది. మనసు బరువైతే ఆ రోజే రమ్మని, కల కోసం ఎదురు చూడొద్దని చెప్పి పంపింది.

కల సంగతంతా చెప్పినా, సంగయ్య నాలుగు రోజులు అతనితో మాట్లాడలేదు. అయిదో రోజు క్రేను నిచ్చెన దగ్గర అడ్డంగా నిలబడ్డాడు.

"ఏం సుందరన్నా, నీ కలలకు వచ్చినందుకు నాకు కాగితం ఇప్పిస్తివి. నీ కలలకు రావద్దంటే నేనేం చెయ్యాలె, సెలవు పెట్టాల్నా?"

"గడియారం దిక్కు సూడకు, చాలు."

"మా ఇంటామె ఏమంటుందో తెలుసా? నిన్ను బొంతపల్లి వీరభద్రుడే కాపాడిండు, సుందరన్న కలలకు వోయి చెప్పిండు అని. కోడిని కోస్తదట."

"పొద్దుగాల కొయ్యమను. రాత్రి అయితే నేను రాను."

సంగయ్య నవ్వి పక్కకు తప్పుకున్నాడు. సుందర్‌రాజు నిచ్చెన ఎక్కి, గదిలో కూర్చుని, మీటలు ఒకసారి తడిమి చూసుకున్నాడు. కింద సంగయ్య దిమ్మకు తాళ్లు చుట్టి, హుక్కు తగిలించి, వేళ్లు పైకి తిప్పాడు. దిమ్మ లేచింది. షెడ్డు రెండో కొసకు వెళ్లి ఆగింది.

సంగయ్య అలవాటు కొద్దీ దాని వెంటే వచ్చి, దిమ్మ కిందే నిలబడి అరచెయ్యి కిందికి పెట్టి ఊపాడు. సుందర్‌రాజు మీట మీది నుంచి చెయ్యి తీసేసి, రెండు చేతులూ ఒళ్లో పెట్టుకున్నాడు. సంగయ్య మళ్లీ ఊపాడు. దిమ్మ కదల్లేదు. అతను తలెత్తి ఏదో తిట్టాడు, మోతలో వినపడలేదు. తర్వాత కిందికి చూసుకున్నాడు. నాలుగడుగులు వెనక్కి వేసి, పసుపు గీత దాటి, మళ్లీ ఊపాడు.

సుందర్‌రాజు మీట మీద చెయ్యి వేశాడు.